రంగు పోయిన మూడు వైర్లు: పాత ఇంట్లో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ పట్టుకునే పద్ధతి

వరంగల్ గిర్మాజీపేటలో మా చిన్నమ్మ వాళ్ల ఇల్లు పాతది. ముందు సగం పెంకులు, వెనక సగం స్లాబు. వంటింట్లో చాలా ఏళ్లుగా వాడని ఒక పాయింటు ఉంది. హాల్లో ఉన్న ఫ్రిజ్‌ను అక్కడికి మార్చాలని ఆమె నన్ను పిలిచింది. చెక్క బోర్డు విప్పి చూస్తే గోడలోంచి మూడు వైర్లు బయటికి వచ్చి ఉన్నాయి. మూడూ ఒకే రంగు. కట్టెల పొయ్యి పొగ, ఏటా వేసిన సున్నం, వయసు కలిసి వాటిని మట్టి రంగుకు తెచ్చాయి. "అన్నీ ఒకే తీరుగ ఉన్నయి బిడ్డా, ఏది ఏందో ఎట్ల తెలుస్తది?" అని అడిగింది చిన్నమ్మ.

ఇలాంటప్పుడు చాలామంది టెస్టర్ పెట్టి, వెలిగింది ఫేజ్ అనుకుంటారు. మిగిలిన రెండింటిలో ఒకటి న్యూట్రల్, ఒకటి ఎర్త్ అని అందాజుగా తగిలిస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. టెస్టర్ సాధారణంగా ఫేజ్‌ను పట్టిస్తుంది. న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ విడదీయడం దాని వల్ల కాదు. ఆ రెండూ తారుమారైనా ఫ్రిజ్ చక్కగా నడుస్తుంది కాబట్టి తప్పు జరిగిన సంగతి ఎవరికీ తెలియదు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు మాత్రం ఫ్రిజ్ డబ్బాకే కరెంటు వస్తుంది.

టెస్టర్ చెప్పేది ఎంతవరకు

స్క్రూడ్రైవర్‌లా ఉండే మామూలు టెస్టర్ లోపల ఒక చిన్న నియాన్ బల్బు, దానికి వరసగా చాలా ఎక్కువ విలువ ఉన్న రెసిస్టర్ ఉంటాయి. కొన వైరుకు ఆనించి వెనక టోపీని వేలితో తాకితే మన ఒంటి గుండా అతి కొద్ది కరెంటు నేలకు వెళ్తుంది. అది తెలియనంత తక్కువ, కానీ నియాన్ వెలగడానికి సరిపోతుంది. కాబట్టి టెస్టర్ వెలిగిందంటే ఆ వైరుకూ మన ఒంటికీ మధ్య వోల్టేజీ ఉందని మాత్రమే అర్థం. ఆ వోల్టేజీ ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు. వెలగలేదంటే కరెంటు లేదని కూడా ఖాయం కాదు. నియాన్ పాడై ఉండొచ్చు, ఎండ వెలుతురులో కనిపించకపోవచ్చు, మీరు ఎండిన చెక్క స్టూలు మీద నిలబడి ఉండొచ్చు.

అందుకే ఏ వైరు పరీక్షించే ముందైనా, తర్వాతైనా కరెంటు ఉందని తెలిసిన ఒక సాకెట్‌లో టెస్టర్ పెట్టి వెలుగుతుందో లేదో చూడండి. రెండుసార్లూ వెలిగితేనే మధ్యలో చేసిన పరీక్షను నమ్మాలి. వెలుగు సరిగా కనిపించడం లేదని కొందరు చెప్పులు విడిచి తడి నేల మీద నిలబడతారు. అది ఎప్పుడూ చేయకండి. రబ్బరు చెప్పులు వేసుకునే ఉండండి. మసక వెలుగు కనిపించాలంటే అరచెయ్యి అడ్డం పెట్టుకోండి, లేదా కిటికీ మూయండి.

వైరుకు ఆనించకుండానే కూసే బ్యాటరీ టెస్టర్లు ఈ పనికి పనికిరావు. మూడు వైర్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడు అవి మూడింటి దగ్గరా కూస్తాయి.

టెస్టర్‌తో పాటు ఇంకో మూడు కావాలి. బజర్ ఉన్న మామూలు మల్టీమీటరు, హోల్డర్‌కు రెండు వైర్లు తగిలించిన 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, మెయిన్ బోర్డు నుంచి పాయింటు దాకా అందే ఒక పొడుగు వైరు. మాకు 20 మీటర్లు సరిపోయింది. టెస్ట్ బల్బుగా ఎల్ఈడీ బల్బు పెట్టకండి. పక్క వైరు నుంచి ఊరికే చేరే దొంగ వోల్టేజీకి కూడా అది మినుకుమంటుంది.

మొదట కరెంటు తీసి వైర్లను విడదీయడం

మెయిన్ ఆఫ్ చేయండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆఫ్ చేసి, దాని నుంచి ఇంటికి వెళ్లే లైన్ ఊడదీయండి. మెయిన్ తీసినా ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు ఉంటుంది. ఈ ఒక్క విషయం మరిచిపోయి అనుభవం ఉన్నవాళ్లు కూడా షాక్ తింటారు. ఇంకో మాట. మెయిన్ ఆఫ్‌లో ఉన్నా దానికి మీటరు వైపు నుంచి వచ్చే వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న భాగం, సీలు వేసిన కటౌట్ ఫ్యూజు కరెంటు కంపెనీవి, వాటి జోలికి పోవద్దు.

బోర్డు విప్పాక మూడు వైర్ల కొనలనూ టెస్టర్‌తో చూసి, కరెంటు లేదని తేలాకే చేత్తో ముట్టుకోండి. పాత రబ్బరు తొడుగు ఉన్న వైర్లయితే మెల్లిగా వంచండి. వంచిన చోట తొడుగు పొడిపొడిగా రాలిపోతుంటే ఇక గుర్తుపట్టే పని ఆపేయండి. ఆ వైరును మార్చడం తప్ప వేరే దారి లేదు. మా చిన్నమ్మ ఇంట్లో అవి పీవీసీ తొడుగు వైర్లే కాబట్టి గట్టిగానే ఉన్నాయి.

మూడు కొనలను ఒకదానికొకటి తగలకుండా బెత్తెడు దూరంగా విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ కనెక్టర్‌లో బిగించండి. అప్పుడు రాగి బయటికి కనిపించదు, కనెక్టర్ స్క్రూ మీద టెస్టర్ పెడితే చాలు. తెల్ల టేపు ముక్కల మీద 1, 2, 3 అని రాసి ఒక్కో వైరుకు అంటించండి. మొత్తం పరీక్ష అయ్యేదాకా వీటిని నంబర్లతోనే పిలవండి. ముందే ఎర్ర టేపు చుట్టేస్తే మనసు ఆ రంగునే నమ్ముతుంది, తర్వాత వచ్చే ఫలితాన్ని సరిగ్గా చూడదు.

రంగుల మాట వచ్చింది కాబట్టి: మన దగ్గర మామూలుగా ఎరుపు ఫేజ్‌కు, నలుపు న్యూట్రల్‌కు, పచ్చ ఎర్త్‌కు వాడతారు. మూడు ఫేజ్‌ల సర్వీసు ఉన్న ఇంట్లో పసుపు, నీలం కూడా ఫేజ్‌లే. అయితే పాత వైరింగ్‌లో ఆరోజు చేతికి దొరికిన చుట్టతో పని కానిచ్చిన సందర్భాలు ఎన్నో. గోరుతో గీకితే లోపల ఎరుపు కనిపించినా దాన్ని ఒక సూచనగా చూడండి, సాక్ష్యంగా కాదు.

కరెంటు ఇచ్చి టెస్టర్ పెట్టడం

ఇప్పుడు మెయిన్ ఆన్ చేయండి. ఒక చెయ్యి వెనక పెట్టుకుని ఇంకో చేత్తోనే టెస్టర్ పట్టుకోండి. వేలు టెస్టర్ లోహపు కొనకు దగ్గరగా జారకుండా చూసుకోండి. ఒక్కో కనెక్టర్ స్క్రూ మీద పెట్టి ఫలితం కాగితం మీద రాయండి.

ఒక్కటే ప్రకాశంగా వెలిగి మిగిలిన రెండూ వెలగకపోతే ఆ వెలిగింది ఫేజ్. ఇది సులువైన సందర్భం. చిన్నమ్మ ఇంట్లో అలా జరగలేదు. 1 బాగా వెలిగింది. 2 వెలగలేదు. 3 మాత్రం మసకగా, అయినా స్పష్టంగానే వెలిగింది.

రెండు వైర్లు వెలగడానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉంటాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తేల్చుకోవాలి.

మొదటిది, రెండూ నిజంగానే ఫేజ్ కావడం. లైటు బోర్డులో అయితే ఒకటి వచ్చే ఫేజ్, ఇంకొకటి స్విచ్ నుంచి బల్బుకు వెళ్లే ఫేజ్ అయి ఉండొచ్చు. మూడు ఫేజ్‌ల ఇంట్లో రెండు వేర్వేరు ఫేజ్‌లు ఒకే బోర్డులోకి వచ్చి ఉండొచ్చు. అలాంటి రెండింటి మధ్య 400 వోల్టులు ఉంటాయి. అందుకే టెస్ట్ బల్బు తగిలించే ముందు మల్టీమీటరును ఏసీ 750 వోల్టుల రేంజ్‌లో పెట్టి కొలవాలి.

రెండోది, న్యూట్రల్ ఎక్కడో తెగడం. అప్పుడు ఫేజ్ కరెంటు ఆన్‌లో ఉన్న ఫ్యాన్ గుండానో బల్బు గుండానో వచ్చి తెగిన న్యూట్రల్ ముక్కలో నిలబడుతుంది. అది టెస్టర్‌ను అసలు ఫేజ్‌లాగే వెలిగిస్తుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఇంట్లో అన్ని ప్లగ్గులూ పీకేయండి, అన్ని స్విచ్‌లూ ఆఫ్ చేయండి. వెలుగు మాయమైతే న్యూట్రల్ తెగిందని అనుకోవచ్చు.

మూడోది, ఎక్కడా కలవకుండా గాల్లో వేలాడుతున్న వైరు. ఫేజ్ పక్కనే ఒకే పైపులో మీటర్ల కొద్దీ వెళ్తుంటే దానిలోకి కొంత వోల్టేజీ ప్రేరణ వల్ల వస్తుంది. అది నియాన్‌ను మసకగా వెలిగిస్తుంది కానీ ఏ పనీ చేయలేదు. అన్నీ పీకేసినా ఈ మసక వెలుగు పోదు.

మేం హాల్లో ఫ్రిజ్, టీవీ, మిక్సీ అన్నీ పీకేశాం. 3 మీద వెలుగు తగ్గింది కానీ పోలేదు. తగ్గడం, పోకపోవడం, ఈ రెండూ ముఖ్యమే. పోలేదు కాబట్టి ఆ వైరు నేలకూ తగలడం లేదు, న్యూట్రల్‌కూ తగలడం లేదు. తగ్గింది కాబట్టి పీకేసిన వస్తువుల్లో ఏదో దానికి కొంచెం కరెంటు పంపిస్తోంది. అప్పుడు చిన్నమ్మ గుర్తు చేసుకుని చెప్పింది: "వానకాలం ఫ్రిజ్ తలుపు ముడితే చేతికి సుర్రుమంటది." నాకు అప్పుడే ఎర్త్ మీద అనుమానం వచ్చింది.

మల్టీమీటరుతో 1కీ 2కీ మధ్య చూస్తే 228 వోల్టులు నిలకడగా వచ్చాయి. 1కీ 3కీ మధ్య అంకె 60, 70 మధ్య ఊగింది. 1కీ 2కీ మధ్య టెస్ట్ బల్బు పెడితే పూర్తిగా వెలిగింది. ఇంత చూశాక 2 న్యూట్రల్, 3 ఎర్త్ అని ఎవరైనా చెప్పేస్తారు. ఈ ఇంట్లో అది నిజమే అయింది కూడా. అయినా అక్కడ ఆగకూడదు.

బల్బు వెలుగును ఎందుకు నమ్మకూడదు

మంచి ఎర్త్ ఉంటే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టిన బల్బు కూడా న్యూట్రల్ మీద పెట్టినంత బాగా వెలుగుతుంది. మంచిది కాకపోయినా వెలుగుతుంది. ఒక లెక్క చూడండి. 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ సుమారు 880 ఓములు. ఎర్త్ పాడై 100 ఓములకు చేరిందనుకుందాం. అది ఎందుకూ పనికిరాని ఎర్త్. అయినా 230 వోల్టుల్లో బల్బుకు 206 దాకా అందుతుంది. ఆ తేడా కంటికి సరిగా ఆనదు. అదే ఎర్త్ ఉన్న ఇంట్లో ఫేజ్ వైరు ఫ్రిజ్ డబ్బాకు తగిలితే ప్రవహించేది 2.3 ఆంపియర్లు మాత్రమే. దానికి ఫ్యూజు పోదు, డబ్బాలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. కాబట్టి "బల్బు వెలిగింది, ఇదే న్యూట్రల్" అనే మాటకూ, "బల్బు వెలిగింది, ఎర్త్ బాగుంది" అనే మాటకూ విలువ లేదు.

ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఎర్త్ వైరు నేలకు తగలకుండా తెగి ఉంటే, ఫేజ్‌కూ దానికీ మధ్య బల్బు పెట్టగానే బల్బు గుండా ఫేజ్ ఇంట్లోని ఎర్త్ వైర్లన్నిటిలోకీ వెళ్తుంది. హాల్లో ఫ్రిజ్, పక్క గదిలో ఇస్త్రీ పెట్టె, వెనక మోటారు, అన్నిటి లోహపు భాగాలకూ ఒకేసారి కరెంటు వస్తుంది. మనం వంటింట్లో బల్బు వైపు చూస్తుంటాం, అవతల ఎవరో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటారు. అందుకే 3 మీద నేను బల్బు పెట్టలేదు. మీరూ పెట్టకండి. కరెంటు లీకైతే లైన్ తెంపే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉన్నా ఇది పరీక్షా పద్ధతి కాదు.

కరెంటు తీసి, బజర్‌తో తేల్చడం

న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ నమ్మకంగా విడదీసే పద్ధతి ఇదే. కరెంటు లేనప్పుడు చేసేది కాబట్టి భయం కూడా తక్కువ.

మెయిన్ ఆఫ్ చేయండి. ఫేజ్ ఫ్యూజు క్యారియర్‌ను కూడా పీకి జేబులో వేసుకోండి, ఇంకెవరూ మళ్లీ పెట్టకుండా ఉంటుంది. ఇన్వర్టర్ లైన్ ఊడే ఉండాలి. ప్లగ్గులన్నీ పీకి, స్విచ్‌లన్నీ ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే ఫ్యాన్ చుట్ట గుండానో బల్బు గుండానో ఫేజ్, న్యూట్రల్ ఒకటిగా కనిపిస్తాయి. టెస్టర్‌తో మరోసారి చూసి, తర్వాత మల్టీమీటరును బజర్ మీద పెట్టండి. కరెంటు ఉన్న వైరు మీద బజర్ మోడ్‌లో పెడితే మీటరు కాలిపోవచ్చు, ఒక్కోసారి చేతిలోనే పగులుతుంది.

ఇప్పుడు మెయిన్ స్విచ్ వైపు చూడాలి. ఇనుప డబ్బా మెయిన్లలో కొన్ని ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండిటినీ తెంపుతాయి. కొన్నిటిలో న్యూట్రల్‌కు కదలని లింకు ఉంటుంది, పిడి కిందికి లాగినా అది స్తంభం న్యూట్రల్‌కు తగిలే ఉంటుంది. స్తంభం న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. అందుకని అలాంటి మెయిన్‌లో న్యూట్రల్, ఎర్త్ భూమి గుండా ఒకటిగానే కనిపించి బజర్ రెండింటికీ కూయొచ్చు. అప్పుడు ఇంట్లోకి వెళ్లే న్యూట్రల్ వైరును లింకు నుంచి ఊడదీయాలి. ఊడదీసే ముందు లింకు మీద టెస్టర్ పెట్టి చూడాలి. ఈ ఒక్క అడుగు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతితో చేయించండి. చిన్నమ్మ ఇంటి మెయిన్ రెండూ తెంపే రకం కాబట్టి మాకు ఆ అవసరం రాలేదు.

పొడుగు వైరు ఒక కొనను ఇంట్లోకి వెళ్లే న్యూట్రల్ దగ్గర బిగించి, ఇంకో కొనను వంటింటి పాయింటు దగ్గరికి తెచ్చాం. ముందు మీటరు రెండు కొనలూ కలిపి కూత విన్నాను. తర్వాత ఒక కొన పొడుగు వైరుకు, ఇంకో కొన 1, 2, 3 లకు వరసగా. 2 మీద మాత్రమే కూసింది, అంకె ఓమున్నర లోపే. 20 మీటర్ల పొడుగు వైరు తన వంతుగా కొంచెం కలుపుతుంది కాబట్టి అది సరైన అంకే. పొడుగు వైరును మెయిన్ బోర్డులోని ఎర్త్ స్క్రూకు మార్చాం. ఈసారి 3 మాత్రమే కూసింది. చివరగా ఫ్యూజు తర్వాత వచ్చే ఫేజ్ దగ్గర పెడితే 1 కూసింది. టెస్టర్ చెప్పిన ఫేజ్, బజర్ చెప్పిన ఫేజ్ ఒకటే.

ఒకే వైరు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ రెండింటికీ కూస్తే ఇంట్లో ఎక్కడో ఆ రెండిటినీ ఎవరో కలిపారని అర్థం. సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న ముక్క వేసి "ఎర్త్ ఇచ్చాం" అనే అలవాటు కొందరికి ఉంది. ఒక్కో సాకెట్ విప్పి ఆ ముక్క తీసేసి మళ్లీ పరీక్షించాలి. ఒక వైరు దేనికీ కూయకపోతే అది మధ్యలో తెగింది, లేదా వేరే చోటి నుంచి వస్తోంది. దానికి టేపు చుట్టి పక్కన పెట్టండి, వాడకండి. చాలా పాత ఇళ్లలో అసలు ఎర్తే వేయలేదన్నది కూడా గుర్తుంచుకోండి. మూడో వైరు కనిపించినంత మాత్రాన అది ఎర్త్ కాదు.

పేరు తెలిసింది, పని చేస్తోందా

3 ఎర్త్ వైరే, మెయిన్ బోర్డు దాకా బాగానే ఉంది. మరి మసకగా ఎందుకు వెలిగింది? మంచి ఎర్త్ మీద టెస్టర్ వెలగకూడదు. కాబట్టి తెగింది బోర్డు తర్వాతే. బోర్డు నుంచి వెళ్లే జీఐ తీగను పట్టుకుని ఇంటి వెనకకు నడిచాం. బట్టలు ఉతికే బండ పక్కన అది నేలలోకి దిగుతుంది. సబ్బు నీళ్లు ఏళ్ల తరబడి పడి ఆ చోట తుప్పు పట్టింది. బయటికి తీగ నిండుగానే కనిపించింది. చేత్తో కదిలిస్తే బొటనవేలంత తుప్పు ముక్క రాలి తీగ రెండుగా విడిపోయింది. ఫ్రిజ్, టీవీల నుంచి సహజంగా కారే కొద్దిపాటి కరెంటు పోవడానికి దారి లేక ఎర్త్ వైరులోనే నిలిచి, వానాకాలం తడి కాళ్లతో తలుపు పట్టుకున్న చిన్నమ్మ గుండా నేలకు పోతూ వచ్చింది.

ఆ పాత గుంతను వదిలేసి, తడి నిలవని చోట కొత్త ఎర్త్ పైపు దింపించాం. మన చెలక నేల వేసవిలో బాగా ఎండిపోతుంది. అందుకే పైపు తల దగ్గర నీళ్లు పోయడానికి చిన్న గాబు కట్టించాం. తర్వాత కరెంటు ఇచ్చి చూస్తే 3 మీద టెస్టర్ అస్సలు వెలగలేదు. మల్టీమీటరులో 1కీ 2కీ మధ్య, 1కీ 3కీ మధ్య అంకెలు ఇంచుమించు ఒకటే అయ్యాయి. ఇక్కడ కూడా ఒక హద్దు ఉంది. ఆ రెండు అంకెలు దూరంగా ఉంటే ఎర్త్ పాడైనట్టే. దగ్గరగా ఉన్నంత మాత్రాన ఎర్త్ గట్టిదని రుజువు కాదు, ఎందుకంటే మల్టీమీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. ఎర్త్ ఎన్ని ఓములో చెప్పేది ఎర్త్ టెస్టర్ అనే వేరే పరికరం. పైపు దింపిన ఎలక్ట్రీషియన్‌తోనే దాన్ని కొలిపించాం.

ఇక గుర్తులు. నంబరు ముక్కలు తీసేసి 1కి ఎర్ర టేపు, 2కి నల్ల టేపు, 3కి పచ్చ టేపు చుట్టాం. వంటింటి వైపు కొనకే కాదు, మెయిన్ బోర్డు వైపు కొనకూ చుట్టాం. సాకెట్‌ను ఎదురుగా నిలబడి చూస్తే పైన ఉన్న పెద్ద రంధ్రం ఎర్త్, కుడి చేతి వైపు ఫేజ్, ఎడమ చేతి వైపు న్యూట్రల్. వెనక నుంచి బిగించేటప్పుడు కుడి ఎడమలు మారతాయి కాబట్టి సాకెట్ వెనక ఎల్, ఎన్, ఈ అక్షరాలు చూసి బిగించాలి. స్విచ్ ఎప్పుడూ ఫేజ్ దారిలోనే ఉండాలి. న్యూట్రల్‌లో ఉంటే స్విచ్ ఆఫ్ చేసినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది.

అన్నీ బిగించాక సాకెట్‌లో చివరి పరీక్ష చేశాం. స్విచ్ ఆన్‌లో కుడి రంధ్రం వెలిగింది, ఎడమది, పైది వెలగలేదు. స్విచ్ ఆఫ్ చేస్తే ఏదీ వెలగలేదు. తర్వాత ఫ్రిజ్ పెట్టి, ఆన్ చేసి, దాని వెనక రంగు లేని ఒక స్క్రూ మీద టెస్టర్ పెట్టాను. వెలగలేదు. అప్పుడే చిన్నమ్మను తలుపు తీయమన్నాను.